పిప్ ఉందంటుంది, పైథాన్ లేదంటుంది



పైథాన్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లకూ, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న కాలేజీ పిల్లలకూ తరచూ ఎదురయ్యే ఒక ఎర్రర్ గురించి ఈ పూట చెబుతాను. ప్రోగ్రాం నడపబోతే తెర మీద నాలుగైదు వరుసలు వస్తాయి. చివరి వరుసలో మాత్రం విషయం ఉంటుంది. ఫలానా మాడ్యూల్ దొరకలేదని దాని సారాంశం. పైథాన్ 3.6 రాకముందు, అంటే 2016 చివరి దాకా, ఇది వేరే ఇంపోర్టు తప్పులతో కలిసిపోయి ఒకే పేరుతో వచ్చేది. 3.6 నుంచి మాడ్యూల్ దొరకకపోవడానికి విడిగా ఒక పేరు పెట్టారు. ఆ పేరు చూడగానే అందరూ చేసే పని ఒకటే. పిప్‌తో ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తారు. చాలాసార్లు దాంతో సరిపోతుంది కూడా.

సరిపోనప్పుడే తమాషా. పిప్‌ని అడిగితే ఆ ప్యాకేజీ ఇప్పటికే ఉందంటుంది. ప్రోగ్రాంని నడిపితే లేదంటుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పిప్ మళ్లీ ఉందంటుంది. ఇలా గంటలకు గంటలు కూర్చునేవాళ్లను చూశాను. చివరికి విసుగెత్తి పైథాన్‌నే తీసేసి మళ్లీ వేసుకున్నవాళ్లూ ఉన్నారు. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పిప్ తను చూసిన చోట ఉందని చెబుతోంది. పైథాన్ తను వెతికిన చోట లేదని చెబుతోంది. ఆ రెండూ వేర్వేరు చోట్లు.

ముందుగా పైథాన్ ఎక్కడ వెతుకుతుందో చూద్దాం. ప్రోగ్రాంలో ఇంపోర్ట్ అని రాసినప్పుడు అది కంప్యూటరంతా గాలించదు. దాని దగ్గర కొన్ని ఫోల్డర్ల జాబితా ఉంటుంది. మొదట మన ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్, తర్వాత పైథాన్‌తో పాటు వచ్చే సొంత సామాను ఉన్న ఫోల్డర్లు, చివరగా బయటి నుంచి తెచ్చుకున్న ప్యాకేజీలు ఉండే ఫోల్డర్. ఈ చివరిదాని పేరు సైట్-ప్యాకేజెస్. జాబితాలోని ఫోల్డర్లలో వరసగా చూసుకుంటూ పోతుంది. ఎక్కడా లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పక్క ఫోల్డర్‌లో ఉందేమోనని తొంగిచూసే అలవాటు దానికి లేదు.

ఒక కంప్యూటర్లో సైట్-ప్యాకేజెస్ ఒకటే ఉంటే ఈ గొడవే లేదు. కానీ ఒక ప్రోగ్రాంకి ఏదో లైబ్రరీ పాత వెర్షన్ కావాలి, ఇంకో ప్రోగ్రాంకి కొత్తది కావాలి. ఒకే ఫోల్డర్లో రెండు వెర్షన్లూ ఉండలేవు. అందుకే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు వచ్చాయి. ముందు విడిగా ఒక సాధనంగా ఉండేవి. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి పైథాన్‌లోనే భాగమయ్యాయి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అన్న పేరు పెద్దదిగా వినిపిస్తుంది గానీ, తెరిచి చూస్తే అది మామూలు ఫోల్డర్. చాలామంది దానికి వెన్వ్ అనే పేరు పెట్టుకుంటారు, నేనూ ఇక అలాగే పిలుస్తాను. లినక్సులో అయితే దాని లోపల బిన్ అనే ఫోల్డర్, అందులో పైథాన్, పిప్ ఉంటాయి. లిబ్ అనే ఫోల్డర్ లోపల ఈ వెన్వ్‌కి సొంతమైన సైట్-ప్యాకేజెస్ ఉంటుంది. వీటితో పాటు `pyvenv.cfg` అనే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. నాలుగైదు వరుసలకు మించదు.

కీలకమంతా ఆ చిన్న ఫైల్లో ఉంది. వెన్వ్‌లో కనిపించే పైథాన్ అసలు పైథాన్ కాదు. కంప్యూటర్లో ఉన్న అసలు పైథాన్‌కి అది ఒక లింకు మాత్రమే. అయితే మొదలవగానే అది చేసే పని ఏమిటంటే, తనను ఏ దారి పట్టుకుని పిలిచారో చూసుకుంటుంది. ఆ ఫోల్డర్లో గానీ, దానికి ఒక మెట్టు పైన గానీ ఈ `pyvenv.cfg` కనిపిస్తే, తాను ఈ వెన్వ్‌కి చెందినదాన్నని గ్రహించి, ఇక్కడి సైట్-ప్యాకేజెస్‌నే వెతికే జాబితాలో పెట్టుకుంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో యాక్టివేట్ చేయడం అన్నది ఎక్కడా రాలేదు, గమనించారా? యాక్టివేట్ చేస్తేనే వెన్వ్ పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. యాక్టివేట్ చేసే పని చాలా చిన్నది. మీరు టెర్మినల్లో ఊరికే పైథాన్ అనో పిప్ అనో కొడితే, షెల్ ఏ ఫోల్డర్లో ముందు వెతకాలో, ఆ వరుసలో వెన్వ్‌లోని బిన్ ఫోల్డర్‌ని ముందుకు తెచ్చిపెడుతుంది. కమాండ్ కొట్టే చోట బ్రాకెట్లలో వెన్వ్ పేరు చూపిస్తుంది. అంతే. అది కూడా ఆ ఒక్క టెర్మినల్ కిటికీకే వర్తిస్తుంది.

ఇప్పుడు నేను చూసిన ఒక కేసు చెబుతాను. గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీ. రైతులు, వ్యాపారులు టిక్కీలు తెచ్చి దించుతారు, ధర చూసుకుని తీసుకుపోతారు. ఏ లాటులో ఎన్ని టిక్కీలు ఉన్నాయి, నిన్న ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అన్న లెక్క రోజూ పొద్దున ఆరింటికల్లా యజమానికి అందాలి. అక్కడ పనిచేసే కుర్రాడు దీనికోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాడు. ఉబుంటు ఉన్న ఒక కంప్యూటర్లో అది `nilva` అనే ఫోల్డర్లో ఉంది. దాని లోపలే వెన్వ్. పొద్దున ఆరింటికి క్రాన్ దాన్ని నడుపుతుంది. క్రాన్ అంటే లినక్సులో ఫలానా వేళకు ఫలానా పని చెయ్యమని అప్పగించే ఏర్పాటు.

కొత్త సీజను మొదలైంది. పాత సీజను లెక్కలు చెడకుండా, కుర్రాడు ఆ ఫోల్డర్ని మొత్తంగా కాపీ చేసి `nilva2` అని పేరు పెట్టాడు. ఫోల్డర్‌తో పాటు లోపలున్న వెన్వ్ కూడా కాపీ అయింది. ఈసారి యజమాని ఎక్సెల్ ఫైలు కావాలన్నాడు. అందుకు `openpyxl` అనే ప్యాకేజీ కావాలి. కుర్రాడు పద్ధతిగానే చేశాడు. `nilva2` ఫోల్డర్లోకి వెళ్లాడు, వెన్వ్ యాక్టివేట్ చేశాడు, తెర మీద బ్రాకెట్లలో వెన్వ్ అని కనిపించింది, పిప్‌తో ఇన్‌స్టాల్ చేశాడు, విజయవంతంగా అయిందని పిప్ చెప్పింది. ప్రోగ్రాం నడిపి చూశాడు. ఎక్సెల్ ఫైలు చక్కగా తయారైంది. క్రాన్‌లో కొత్త ఫోల్డర్ దారి పూర్తిగా రాసి ఇంటికి వెళ్లిపోయాడు. క్రాన్ వెన్వ్‌ని యాక్టివేట్ చేయదు, కాబట్టి పైథాన్‌కి పూర్తి దారి రాయాలన్న సంగతి అతనికి తెలుసు. అదీ సరిగ్గానే రాశాడు.

మర్నాడు పొద్దున ఫైలు రాలేదు. క్రాన్ రాసిపెట్టిన లాగ్ తెరిస్తే ఇది ఉంది:

```
  File "/home/store/nilva2/report.py", line 4, in <module>
    import openpyxl
ModuleNotFoundError: No module named 'openpyxl'
```

ఫోన్ చేశాడు. "అన్నా, టెర్మినల్లో నడుస్తోంది, క్రాన్‌లో నడవట్లేదు. పిప్ ఉందంటోంది, పైథాన్ లేదంటోంది. క్రాన్‌లో ఏదో తేడా ఉంది" అన్నాడు. అతని అనుమానం క్రాన్ మీద. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. చేత్తో నడిపితే వస్తోంది, క్రాన్ నడిపితే రావట్లేదు కదా మరి. రెండింటి పైథాన్ వెర్షన్లూ పోల్చి చూశాడట, రెండూ ఒకటేనట. ఇది మంచి ఆలోచనే, కానీ ఇక్కడ దీనివల్ల ఏమీ తేలదు. ఒకే అసలు పైథాన్‌కి ఎన్ని వెన్వ్‌లైనా లింకు పెట్టుకోవచ్చు. అన్నీ ఒకే వెర్షన్ చెబుతాయి. వెర్షన్ ఒకటైనంత మాత్రాన వెతికే చోటు ఒకటి కాదు.

నేను అతన్ని రెండు పనులు చేయమన్నాను. మొదటిది, పిప్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, వచ్చిన వరుసను చివరిదాకా చదవమన్నాను. అందరూ ఆ వరుసలో మొదటి మూడు మాటలు చదివి ఆపేస్తారు. ఉంది అన్న మాట వరకే చదువుతారు. తర్వాత ఎక్కడ ఉందో కూడా పిప్ అదే వరుసలో రాస్తుంది. అతను ఫోన్లో చదివి వినిపించాడు:

```
Requirement already satisfied: openpyxl in
/home/store/nilva/venv/lib/python3.12/site-packages
```

చదువుతూ చదువుతూ నిల్వ దగ్గర ఆగాడు. రెండు ఏదన్నా, అన్నాడు. అతను నిలబడింది `nilva2`లో. పిప్ ప్యాకేజీ పెట్టింది `nilva`లో. కోల్డ్ స్టోరేజీ మాటల్లో చెప్పాలంటే, సరుకు దించింది ఒకటో ఛాంబర్లో, వెతుకుతున్నది రెండో ఛాంబర్లో. రసీదు మీద ఛాంబర్ నంబరు ఉంది గానీ ఎవరూ చూడలేదు.

రెండో పని, ప్రోగ్రాంలో అన్ని ఇంపోర్టుల కంటే పైన రెండు వరుసలు పెట్టమన్నాను. ఇది నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. నువ్వు ఎవరివి అని ఆ నడుస్తున్న పైథాన్‌నే అడగడం.

```python
import sys
print(sys.executable, sys.prefix)
```

మొదటిది ఏ పైథాన్ ఫైలు నడుస్తోందో చెబుతుంది. రెండోది అది ఏ వెన్వ్‌కి చెందినదో చెబుతుంది. అవి చెప్పాకే ప్రోగ్రాం పడిపోతుంది కాబట్టి లాగ్‌లో కనిపిస్తుంది. క్రాన్ నడిపినప్పుడు రెండింటిలోనూ `nilva2` ఉంది. అతను టెర్మినల్లో నడిపినప్పుడు రెండింటిలోనూ `nilva` ఉంది. అంటే తేడా క్రాన్‌లో లేదు. క్రాన్ సరైన చోటే వెతుకుతోంది. దారి తప్పింది టెర్మినల్. టెర్మినల్లో నడవడమే ఇక్కడ మోసం. ఏది పనిచేస్తోందో అది సరైనదని, ఏది పనిచేయట్లేదో దానిలో తప్పుందని మనం తీర్మానించుకుంటాం. ఇక్కడ అది తలకిందులైంది.

అతను `nilva2`లోనే నిలబడి, అక్కడి వెన్వ్‌నే యాక్టివేట్ చేశాడు కదా, మరి పాత దాంట్లోకి ఎలా వెళ్లింది? యాక్టివేట్ అనేది కూడా ఒక ఫైలే. దాన్ని మామూలు ఎడిటర్లో తెరిచి చూడొచ్చు. వెన్వ్‌ని మొదటిసారి తయారు చేసినప్పుడు, అది ఎక్కడ ఉందో ఆ పూర్తి దారిని ఈ ఫైల్లో రాసేస్తారు. తర్వాత ఆ ఫోల్డర్ని ఎక్కడికి కాపీ చేసినా, లోపల రాసిన దారి మారదు. కుర్రాడు కొత్త ఫోల్డర్లోని యాక్టివేట్‌ని నడిపాడు, కానీ అందులో రాసి ఉన్నది పాత ఫోల్డర్ దారి. షెల్ పాత బిన్‌నే ముందుకు తెచ్చింది. అక్కడి నుంచి పైథాన్ అన్నా పిప్ అన్నా పాతవే నడిచాయి. బ్రాకెట్లలో కనిపించిన పేరు మాత్రం వెన్వ్ అనే. రెండు ఫోల్డర్లలోనూ దాని పేరు వెన్వే కాబట్టి తేడా కనిపించే దారి లేదు. ఆ బ్రాకెట్లను నేను అసలు సాక్ష్యంగా లెక్కపెట్టను.

కుర్రాడు తెలివైనవాడు. అలాగైతే యాక్టివేట్‌ని నమ్మను, కొత్త ఫోల్డర్లోని పిప్‌నే పూర్తి దారితో పిలుస్తాను అన్నాడు. `/home/store/nilva2/venv/bin/pip` అని కొట్టి ఇన్‌స్టాల్ చేశాడు. ఇక తప్పడానికి వీల్లేదనిపిస్తుంది కదా? మళ్లీ అదే వరుస. ఉంది, పాత `nilva`లో ఉంది.

ఇక్కడ అతను నిజంగా కంగారుపడ్డాడు. ఈ కేసులో నాకు బాగా నచ్చే చోటు కూడా ఇదే. పిప్ అనేది కూడా ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం. దాని మొదటి వరుసలో, నన్ను ఏ పైథాన్‌తో నడపాలి అన్నది పూర్తి దారితో రాసి ఉంటుంది. చూడాలంటే ఫైలు మొదటి వరుస ఒక్కటే చూపించే కమాండ్ చాలు:

```
$ head -1 /home/store/nilva2/venv/bin/pip
#!/home/store/nilva/venv/bin/python3
```

ఫైలు కొత్త ఫోల్డర్లో ఉంది. దాన్ని నడిపించే పైథాన్ పాత ఫోల్డర్లో ఉంది. పిప్ మామూలుగా తనను నడిపిస్తున్న పైథాన్ ఏ వెన్వ్‌దో దాంట్లోనే ప్యాకేజీలు పెడుతుంది. కాబట్టి కొత్త పిప్‌ని ఎంత పూర్తి దారితో పిలిచినా, సరుకు వెళ్లేది పాతదాంట్లోకే. అదే కొత్త ఫోల్డర్లోని పైథాన్‌ని పూర్తి దారితో పిలిస్తే మాత్రం అది కొత్తదాన్నే చూసుకుంటుంది. ఎందుకంటే ఇందాక చెప్పినట్టు, దాని లోపల ఏ దారీ రాసిలేదు. తనను ఏ దారిన పిలిచారో చూసుకుని, పక్కనున్న `pyvenv.cfg`ని బట్టి తానెవరో తెలుసుకుంటుంది. ఒకే వెన్వ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ఫైళ్లు, పైథాన్ కొత్త ఇంటిని గుర్తుపట్టింది, పిప్ పాత ఇంటికే పోతోంది.

అందువల్ల పిప్‌ని విడిగా పిలవకుండా, పైథాన్ చేతే పిప్‌ని నడిపించడం మేలు. ప్రోగ్రాంని ఏ పైథాన్ నడపబోతోందో, సరిగ్గా ఆ పైథాన్‌తోనే:

```
/home/store/nilva2/venv/bin/python -m pip install openpyxl
```

ఇది కొడితే ఈసారి పిప్ ఉందని అనలేదు. డౌన్‌లోడ్ చేసుకుని కొత్తదాంట్లో పెట్టింది. క్రాన్ వరుసలో ఏ దారి ఉందో అక్షరం పొల్లుపోకుండా దాన్నే ఇక్కడ తెచ్చి పెట్టుకోవాలి. యాక్టివేట్ చేశామా లేదా, బ్రాకెట్లలో ఏముంది అన్న ప్రశ్నలే రావు.

అయితే అక్కడితో వదిలేయమని నేను చెప్పలేదు. ఆ వెన్వ్ ఒళ్లంతా పాత దారులే. రేపు ఇంకెవరో వచ్చి యాక్టివేట్ చేసి ఇంకేదో ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ ఇదే కథ. వెన్వ్‌లను కాపీ చేయకూడదు, జరపకూడదు, కావలసిన చోట మళ్లీ తయారు చేసుకోవాలి అని పైథాన్ వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంది. పదిలంగా దాచుకోవలసింది వెన్వ్‌ని కాదు, అందులో ఏయే ప్యాకేజీలు ఏ వెర్షన్‌లో ఉన్నాయన్న జాబితాని. కొత్త వెన్వ్‌లోని పైథాన్‌తో ఆ జాబితా తీసి ఒక ఫైల్లో పెట్టి, వెన్వ్‌ని చెరిపేసి, అక్కడే కొత్తగా తయారు చేసి, జాబితాలో ఉన్నవన్నీ మళ్లీ వేయాలి.

```
cd /home/store/nilva2
venv/bin/python -m pip freeze > requirements.txt
rm -r venv
python3 -m venv venv
venv/bin/python -m pip install -r requirements.txt
```

మూడో వరుస కొట్టే ముందు ఆ జాబితా ఫైలు ఖాళీగా లేదని ఒకసారి తెరిచి చూసుకోండి. ఫోల్డర్ కాపీ కాకుండా పేరే మార్చి ఉంటే ఇంకో విచిత్రం జరుగుతుంది. పాత దారి అసలు ఉండదు. పిప్‌ని పూర్తి దారితో పిలిస్తే, నన్ను నడిపే పైథాన్ కనపడట్లేదని మొరపెడుతుంది. విండోస్‌లో అయితే లాంచర్‌లో తప్పు అని వస్తుంది. యాక్టివేట్ చేస్తే మాత్రం ఏ మొరా వినిపించదు. లేని ఫోల్డర్ని వరుసలో ముందు పెడుతుంది, బ్రాకెట్లలో పేరు చూపిస్తుంది. షెల్ ఆ ఫోల్డర్ దొరక్క, తర్వాతి వరుసలో ఉన్న సిస్టం పైథాన్ దగ్గరికి చల్లగా పోతుంది.

సిస్టం పైథాన్ అన్నాను కాబట్టి సుడో సంగతి కూడా చెప్పాలి. అనుమతి లేదని ఎర్రర్ వస్తే ముందు సుడో తగిలించి పిప్‌ని నడిపే అలవాటు ఒకటి ఉంది. ఉబుంటులో సుడో మీ వెన్వ్ పెట్టిన దారి వరుసను పట్టించుకోదు, తన సొంత వరుసను వాడుతుంది. కాబట్టి వెన్వ్ యాక్టివేట్ అయి ఉన్నా ప్యాకేజీ సిస్టంలోకి పోతుంది. 2023లో వచ్చిన డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టం పైథాన్‌లోకి పిప్‌తో వేయబోతే అడ్డుకుంటున్నారు. ఇది సిస్టం వాళ్లు చూసుకునే ఎన్విరాన్‌మెంట్ అని చెప్పి ఆపేస్తుంది. ఆ అడ్డును దాటించే ఒక ఆప్షన్ కూడా ఆ ఎర్రర్‌లోనే కనిపిస్తుంది. దాని పేరులోనే సిస్టం ప్యాకేజీలను విరగ్గొట్టు అన్న అర్థం ఉంది. అయినా కాపీ చేసి కొట్టేవాళ్లున్నారు, ఏం చేస్తాం.

నోట్‌బుక్కుల్లో పనిచేసే పిల్లలకు ఇదే వ్యవహారం ఇంకో వేషంలో వస్తుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో మీరు రాసే పైథాన్‌ని నడిపేది కెర్నెల్. ఏ కెర్నెల్ ఏ పైథాన్‌తో నడవాలన్నది విడిగా ఒక ఫైల్లో రాసి ఉంటుంది. మీరు జూపిటర్‌ని ఏ టెర్మినల్ నుంచి మొదలుపెట్టారో, అక్కడ ఏ వెన్వ్ యాక్టివ్‌గా ఉందో దానితో కెర్నెల్‌కి సంబంధం ఉండాలని లేదు. సెల్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి పిప్‌ని కొడితే అది షెల్‌కి వెళుతుంది, షెల్ తన వరుసలో ముందు దొరికిన పిప్‌ని నడుపుతుంది. ఆశ్చర్యార్థకం బదులు పర్సెంట్ గుర్తు పెట్టి `%pip install` అని కొడితే, ఆ కెర్నెల్ ఏ పైథాన్‌దో దాంట్లోకే పోతుంది. ఒక్క గుర్తు తేడా. వేసిన తర్వాత కెర్నెల్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయడం మంచిది. అనుమానం ఉంటే ఇందాక చెప్పిన ఆ రెండు వరుసలే సెల్‌లో కొట్టి చూడండి.

ఇంకో సందర్భంలో ఎవరూ వెన్వ్‌ని తాకకుండానే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఉబుంటు 22.04లో పైథాన్ 3.10 ఉండేది. 24.04కి మార్చుకుంటే 3.12 వస్తుంది. వెన్వ్‌లోని లింకు ఇప్పుడు 3.12ని చూపిస్తుంది. అది తన సైట్-ప్యాకేజెస్ కోసం `lib/python3.12` లోపల వెతుకుతుంది. మీ సామానంతా `lib/python3.10` లోపల భద్రంగా ఉంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఒక ప్యాకేజీ కాదు, ఏదీ దొరకదు. చివరికి పిప్ కూడా లేదంటుంది. దీనికీ మందు వెన్వ్‌ని మళ్లీ తయారు చేసుకోవడమే. అయితే పిప్ నడవడం లేదు కాబట్టి దానితో జాబితా తీయలేరు. ముందే తీసి పెట్టుకోకపోతే ఆ పాత ఫోల్డర్లోని పేర్లు చూసి రాసుకోవాలి.

ఈ ఎర్రర్ వచ్చినప్పుడల్లా కారణం వెన్వే అని కూడా అనుకోవద్దు. పిప్‌కి చెప్పే పేరు వేరు, ఇంపోర్ట్ చేసే పేరు వేరు అయిన ప్యాకేజీలు ఉన్నాయి. `opencv-python` అని ఇన్‌స్టాల్ చేస్తాం, `cv2` అని ఇంపోర్ట్ చేస్తాం. `Pillow` అని వేస్తాం, `PIL` అని పిలుస్తాం. ఆ రెండు వరుసలు పెట్టి చూసినప్పుడు, పైథాన్ చెప్పే చోటూ పిప్ చెప్పే చోటూ ఒకటే అయితే అప్పుడు పేరును అనుమానించాలి. రెండూ వేరైతే పేరు జోలికి పోనక్కర్లేదు.

మళ్లీ ఆ కోల్డ్ స్టోరేజీ కేసుకి వస్తాను. కుర్రాడు కొత్తది బాగుచేసుకున్నాక, ఇక అయిపోయిందన్నా అన్నాడు. అవ్వలేదు. పాత సీజను ప్రోగ్రాం ఇంకా వాడుకలో ఉంది. పాత బాకీలు, మిగిలిన లాట్ల లెక్క దాంట్లోంచే తీస్తారు. కొత్తదనుకుని ఇన్ని రోజులుగా కొట్టిన ప్రతి పిప్ కమాండూ ఆ పాత వెన్వ్‌లోనే పనిచేసింది. `openpyxl` చేరడం వల్ల నష్టం లేదు. అది లేని చోట చేరింది, దాన్ని ఎవరూ పిలవరు. కానీ అతను మధ్యలో ఒకసారి, ఎందుకైనా మంచిదని, డేటాబేసుతో మాట్లాడే లైబ్రరీని కూడా కొత్త వెర్షన్‌కి మార్చానని చెప్పాడు. ఆ మార్పు జరిగింది ఎక్కడ? పాతదాంట్లో. కొత్త ప్రోగ్రాం క్రాన్‌లో పాత వెర్షన్‌తో నడుస్తోంది, పాత ప్రోగ్రాం ఎవరూ పరీక్షించని కొత్త వెర్షన్‌తో నడుస్తోంది. దీనికి ఏ ఎర్రరూ రాలేదు. మాడ్యూల్ రెండు చోట్లా ఉంది కాబట్టి ఇంపోర్ట్ ఆగదు. వెర్షన్ తేడా మాత్రం లెక్కలో ఎక్కడో బయటపడుతుంది, లేదా పడదు.

ఆ రోజు ఎక్సెల్ ప్యాకేజీ పాతదాంట్లో కూడా ముందే ఉండి ఉంటే, అది కాపీలోకీ వచ్చి ఉండేది. పొద్దున ఫైలు వేళకు వచ్చి ఉండేది, ఫోనూ వచ్చి ఉండేది కాదు. ఈ వెర్షన్ల తారుమారు చూడటానికి పాత, కొత్త రెండు వెన్వ్‌ల జాబితాలూ తీసి పక్కపక్కన పెట్టించాను. ఇక్కడ కూడా పిప్‌ని విడిగా పిలవకుండా, ఏ వెన్వ్‌ది ఆ వెన్వ్ పైథాన్‌తోనే తీయాలి. లేకపోతే, టెర్మినల్లో పాతదే యాక్టివ్‌గా ఉన్నప్పుడు, రెండుసార్లూ పాతదాని జాబితానే వచ్చి, అంతా సరిగ్గా ఉందనిపిస్తుంది. తేడా వచ్చిన వరుస ఒక్కటే, ఆ డేటాబేసు లైబ్రరీ. `openpyxl`, దానికి అవసరమై వెంట వచ్చిన `et_xmlfile` రెండు జాబితాల్లోనూ ఉన్నాయి గానీ, పాతదాంట్లో అవి అక్కర్లేనివి. `openpyxl`ని తీసేయమంటే పిప్ దాన్ని మాత్రమే తీస్తుంది, వెంట వచ్చినదాన్ని అక్కడే వదిలేస్తుంది. అందుకని ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చోకుండా, కిందటి సీజనులో రాసిపెట్టిన జాబితా ఫైలు పట్టుకుని పాత వెన్వ్‌ని కూడా కొత్తగా కట్టించాను. అదృష్టం కొద్దీ అతని దగ్గర ఆ ఫైలు ఉంది.